బోర్డులో తొలి రెండు నిమిషాలు

కంపెనీ బోర్డులోకి కొత్తగా వచ్చిన డైరెక్టరును చైర్మన్ ఆహ్వానించి, "మీ గురించి రెండు మాటలు చెప్పండి" అంటారు. అప్పటికే బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ ఆ మనిషి బయోడేటా చూసే ఉంటారు. లిస్టెడ్ కంపెనీ అయితే, ఏ డైరెక్టరుకు ఏ రంగంలో పట్టు ఉందో పేర్లతో సహా ఏటా వార్షిక నివేదికలో ప్రకటించాలి కూడా. కాబట్టి డిగ్రీలూ పదవులూ మళ్లీ వల్లించడం వల్ల అక్కడున్నవాళ్లకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. వాళ్లు తెలుసుకోవాలనుకునేవి మూడే. ఏ విషయం చర్చకు వస్తే ఈ మనిషిని అడగాలి? ఏ విషయంలో అడిగి లాభం లేదు? మన కంపెనీతో ఈ మనిషికి ఇంతకుముందే ఏమైనా సంబంధం ఉందా?

మూడో ప్రశ్న మర్యాద కోసం అడిగేది కాదు, చట్టమే అడిగేది. 2013 కంపెనీల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, తాను పాల్గొనే మొదటి బోర్డు సమావేశంలోనే డైరెక్టరు తనకు ఏయే కంపెనీల్లో, సంస్థల్లో ఆసక్తి ఉందో, ఎక్కడ వాటాలు ఉన్నాయో తెలియజేయాలి. దీనికి ఎం.బి.పి-1 అనే ఫారం ఉంది. స్వతంత్ర డైరెక్టరైతే తాను నిజంగా స్వతంత్రంగా ఉన్నానన్న ప్రకటన కూడా ఆ మొదటి సమావేశంలోనే ఇవ్వాలని 149వ సెక్షన్ చెబుతుంది. ఈ కాగితాలను కంపెనీ సెక్రటరీ ముందుగానే తీసుకుని ఫైలులో పెట్టేస్తారు. ఆ కాగితంలో ఉన్న ముఖ్యమైన సంగతిని నోటితో కూడా చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

హైదరాబాద్ శివారులో బల్క్ డ్రగ్స్ తయారు చేసే కంపెనీ ఒకటి ఉందనుకోండి. ఏడాది అమ్మకాలు 400 కోట్లు. దాని బోర్డులోకి స్వతంత్ర డైరెక్టరుగా ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారిణి వచ్చారు. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం పరిశ్రమలకు వర్కింగ్ క్యాపిటల్ అప్పులు మంజూరు చేసే విభాగంలో గడిపారు. సమావేశానికి వారం ముందు అజెండా కాగితాలు అందాయి. వాటిని చదువుతుంటే ఆమె కళ్లు ఒక చోట ఆగాయి. కిందటేడు అమ్మకాలు 360 కోట్లు, ఖాతాదారుల నుంచి రావాల్సిన బాకీలు 74 కోట్లు. ఈ ఏడు అమ్మకాలు 400 కోట్లు, బాకీలు 110 కోట్లు. సరుకు అమ్మాక డబ్బు చేతికి రావడానికి నిరుడు సగటున 75 రోజులు పట్టేది, ఇప్పుడు 100 రోజులు పడుతోంది. పెరిగిన 40 కోట్ల అమ్మకాల్లో 36 కోట్లకు సమానమైన మొత్తం బాకీల్లోనే నిలిచిపోయింది.

ఇప్పుడు ఆమె తన గురించి ఏం చెప్పాలి? మొదట తోచేది ఇలా ఉంటుంది: "నాకు బ్యాంకింగులో అపార అనుభవం ఉంది. ఎన్నో పెద్ద కంపెనీలకు వేల కోట్ల అప్పులు ఇప్పించాను. నా నాయకత్వంలో మా విభాగానికి చాలా గుర్తింపు వచ్చింది." ఇందులో అబద్ధం లేకపోవచ్చు. అయినా వినేవాళ్లకు అందే సమాచారం మాత్రం శూన్యం. 'అపార', 'ఎన్నో', 'చాలా' అన్నవి కొలత లేని మాటలు. కొలత లేని చోటే గొప్ప చెప్పుకుంటున్నట్టు వినిపిస్తుంది.

దీనికి భయపడి కొందరు రెండో వైపు జారిపోతారు. "మీరంతా పెద్దలు, నాకేం తెలుసు, మీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చాను" అని కూర్చుంటారు. మన తెలుగువాళ్లలో ఇది వినయంగా చెల్లుబాటవుతుంది, బోర్డులో మాత్రం నష్టం చేస్తుంది. మూడు నెలల తర్వాత అదే మనిషి ఖాతాల మీద గట్టి ప్రశ్న వేస్తే, ఏమీ తెలియదన్నవారు ఇప్పుడెందుకు అడ్డుపడుతున్నారని మిగతావాళ్లు విస్తుపోతారు. అంతకంటే చెడ్డ సంగతి, ఆ ప్రశ్న వేయడానికి ఆయనే జంకుతారు.

ఆమె మాటలు ఇలా ఉంటే బాగుంటుంది:

"చైర్మన్ గారికీ సభ్యులందరికీ నమస్కారం. నేను బ్యాంకులో ఎక్కువ కాలం వర్కింగ్ క్యాపిటల్ అప్పుల పని చూశాను. అందులో మందుల కంపెనీల ఖాతాలు చాలాకాలం నా దగ్గరే ఉండేవి. సరుకు నిల్వలు, బాకీల వసూళ్లు, బ్యాంకు షరతులు... ఈ మూడింటి మీద చర్చ వచ్చినప్పుడు నేను సాయపడగలను. ఫ్యాక్టరీ నడిపిన అనుభవం నాకు లేదు. అమెరికా ఎఫ్.డి.ఏ. తనిఖీల గురించి నాకు తెలిసింది తక్కువ. వీలు చూసుకుని ప్లాంటుకు వచ్చి, అక్కడి వారిని అడిగి తెలుసుకుంటాను. ఇంకొక మాట. నేను రిటైరైన బ్యాంకు ఈ కంపెనీకి అప్పిచ్చిన బ్యాంకుల్లో ఒకటి. ఈ ఖాతా నా చేతికి ఎప్పుడూ రాలేదు. అక్కడి నుంచి నాకు పెన్షన్ తప్ప వేరే ఏమీ రాదు. అయినా అందరికీ తెలిసి ఉండడం మంచిదని చెబుతున్నాను."

నింపాదిగా చదివినా రెండు నిమిషాలు దాటదు. ఇందులో ఆమె తనను పొగుడుకున్న మాట ఒక్కటీ లేదు. కానీ మందుల కంపెనీ ఆర్థిక స్థితిని ఎక్కడ పట్టుకుని చూడాలో ఆమెకు తెలుసని వింటున్న ఫైనాన్స్ అధికారికి వెంటనే అర్థమవుతుంది. తెలియనిదేదో చెప్పడంతో తెలుసన్న దాని మీద నమ్మకం పెరిగింది. పాత బ్యాంకు సంగతి ముందే చెప్పడంతో, రేపు ఆ బ్యాంకు రుణం మీద చర్చ వచ్చినప్పుడు ఎవరూ ఆమెను అనుమానంగా చూడాల్సిన పని ఉండదు.

ఆమె చెప్పనిది కూడా ఒకటుంది. బాకీలు 75 రోజుల నుంచి 100 రోజులకు పెరిగిన సంగతి పరిచయంలో ఎత్తలేదు. అక్కడ ఎత్తి ఉంటే మేనేజ్‌మెంటు మీద మొదటి నిమిషంలోనే తీర్పు చెప్పినట్టు అయ్యేది. పైగా ఆ పెరుగుదలకు సరైన కారణం ఉండొచ్చు, ఏడాది చివర్లో పెద్ద ఎగుమతి ఆర్డరు వెళ్లి ఉండొచ్చు. ఆ ప్రశ్నకు చోటు ఖాతాల అంశంలో ఉంది. అది వచ్చినప్పుడు ఆమె అడగాల్సింది ఇంతే: "ఈ 110 కోట్లలో ఆరు నెలలు దాటినవి ఎంత? అవి ఎంతమంది కొనుగోలుదారుల దగ్గర ఉన్నాయి?" బాకీలను వయసువారీగా విడదీసి చూపడం ఖాతాల నమూనాలో తప్పనిసరి కాబట్టి, జవాబు ఫైనాన్స్ విభాగం దగ్గర సిద్ధంగా ఉండాలి. లేకపోతే అదే ఒక సమాచారం. ఆమె నైపుణ్యం బోర్డుకు అసలు పరిచయమయ్యేది ఈ ప్రశ్నతోనే. మొదటి రెండు నిమిషాలు దానికి దారి వేశాయి.

బయోడేటా ఎంత బరువుగా ఉన్నా ఈ పని చేయలేదని హైదరాబాద్‌కు బాగా తెలుసు. సత్యం కంప్యూటర్స్ బోర్డులో మాజీ కేబినెట్ కార్యదర్శి, హార్వర్డ్ ప్రొఫెసర్, ఐ.ఐ.టి. మాజీ డైరెక్టర్ లాంటి వారు ఉండేవారు. 2008 డిసెంబరు 16న ఆ బోర్డు, చైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు ఒప్పుకుంది. మదుపుదారులు మండిపడడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని చైర్మన్ స్వయంగా ఉత్తరం రాశారు. ఆ డైరెక్టర్లకు మోసం తెలుసని నేననడం లేదు. వాళ్ల పేర్లు మదుపుదారులకు ధైర్యమిచ్చాయి, బ్యాంకు నిల్వల లెక్క మాత్రం ఆ పేర్ల వల్ల సరిచూడబడలేదు. బోర్డులో 'నేను ఎవరిని' అన్నదానికంటే 'నేను ఏ కాగితాన్ని శ్రద్ధగా చదువుతాను' అన్నది చెప్పడమే మేలని నేను గట్టిగా నమ్మడానికి ఈ ఉదంతమే కారణం.

కొత్తగా వెళ్లేవారు సమావేశానికి ముందు కంపెనీ సెక్రటరీకి ఒక ఫోన్ చేస్తే చాలా ఇబ్బందులు తప్పుతాయి. చైర్మన్ తన గురించి ఏం చెప్పబోతున్నారో కనుక్కోవచ్చు. పదవులూ పురస్కారాలూ ఆయన నోట వస్తే తాను వాటిని మళ్లీ తాకనక్కర్లేదు. ఆయన పొగడ్త శ్రుతి మించినా సభలో ఖండించవద్దు. ధన్యవాదాలు చెప్పి నేరుగా పనిలోకి వెళ్లాలి. సమావేశం ముగిశాక 15 రోజుల్లో మినిట్స్ ముసాయిదా చేతికి వస్తుంది, అభిప్రాయం చెప్పడానికి 7 రోజుల గడువు ఉంటుంది. పరిచయంలో చెప్పిన మంచి మాటలు అందులో ఉన్నాయా అని వెతకనక్కర్లేదు. ఆసక్తుల ప్రకటన, స్వతంత్రత ప్రకటన నమోదయ్యాయో లేదో మాత్రం చూసుకోవాలి, లేకపోతే ఆ వారంలోనే రాసి పంపాలి.