ఇరవై మార్కుల కేస్ స్టడీ ఎలా కట్టాలి

వాణిజ్యశాస్త్ర ప్రశ్నపత్రాల్లో కేస్ స్టడీ పేరుతో వస్తున్న ప్రశ్నలు చాలావరకు కేస్ స్టడీలు కావు. పైన అరపేజీ కథ ఉంటుంది, కింద "బ్రేక్ ఈవెన్ అంటే ఏమిటి? దాని ప్రయోజనాలు వివరించండి" అని ఉంటుంది. కథను చేత్తో మూసేసి ప్రశ్న మాత్రమే చదివినా జవాబు రాయగలిగితే, ఆ కథ అక్కడ ఎందుకున్నట్టు? ప్రశ్న తయారుచేసేవారు అచ్చుకు పంపే ముందు చేయవలసిన మొదటి పరీక్ష ఇదే. ప్రతి ఉప ప్రశ్నకూ జవాబులో కథలోని అంకె గానీ, సంగతి గానీ తప్పనిసరిగా రావాలి. రాకపోతే దాన్ని మామూలు ప్రశ్నల విభాగానికి పంపేయడం మేలు.

కేసు పద్ధతి పుట్టింది తరగతి గది కోసం. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో మొదలైంది, అక్కడ రాసిన తొలి కేసు 1921 నాటిది. తరగతిలో కేసు కింద ప్రశ్నలు లేకపోయినా నడుస్తుంది, ఎందుకంటే చర్చను మలుపు తిప్పడానికి అధ్యాపకుడు ఎదురుగా ఉంటాడు. పరీక్షలో ఆ మనిషి ఉండడు. "ఈ సంస్థ ఏం చేయాలి? 20 మార్కులు" అని ఒక్క ప్రశ్నే ఇస్తే, మొదటి అడుగు తప్పిన విద్యార్థి తనకు తెలిసినది కూడా చూపలేక మిగిలిపోతాడు. దిద్దేవారిలో ఒకరు పద్నాలుగు వేసిన జవాబుకు ఇంకొకరు తొమ్మిది వేస్తారు. ప్రశ్నను అంతస్తులుగా విడగొట్టేది ఈ రెండు ఇబ్బందుల కోసమే.

డిగ్రీ చివరి సంవత్సరం వారికి ఇవ్వదగిన ఒక కేసును ఇక్కడ కట్టి చూద్దాం. ఇది కల్పిత సంస్థ.

"తెనాలిలోని ఒక చిన్న సంస్థ కందిపొడి, కరివేపాకు పొడి తయారుచేసి కిలో 400 రూపాయలకు నగదు మీద అమ్ముతుంది. ముడిసరుకుకు కిలోకు 190, ప్యాకింగ్, రవాణాలకు 60 రూపాయలు అవుతాయి. షెడ్డు అద్దె నెలకు 45,000. పనివారి నెల జీతాలు 1,35,000, ఉత్పత్తి పెరిగినా తగ్గినా ఇవి మారవు. యంత్రాలు నెలకు 2,000 కిలోల వరకు తయారుచేయగలవు. ప్రస్తుత అమ్మకం 1,500 కిలోలు. ఒక సూపర్ మార్కెట్ల సంస్థ నెలనెలా 800 కిలోలు కిలో 320 చొప్పున కొంటానంది. ఏ నెల సరుకు డబ్బు ఆ తర్వాత రెండో నెలాఖరుకు ఇస్తుంది. బ్యాంకులో 2,50,000 రూపాయలు ఉన్నాయి, అప్పు తీసుకోవడం యజమానురాలికి ఇష్టం లేదు. 'కిలోకు మనకే 370 పడుతుంటే 320కి ఎలా ఇస్తాం?' అంటున్నాడు లెక్కలు చూసే గుమస్తా."

కథ చిన్నదే అయినా ఇందులో ఊరికే పడిన వాక్యం లేదు. ఆవకాయ కాకుండా పొడులు ఎంచుకోవడానికీ కారణం ఉంది. ఆవకాయ అయితే ఏడాది సరుకుకు మామిడికాయ వేసవిలోనే కొనాలి, పెట్టుబడి అంతా ఆ రెండు నెలల్లో ఇరుక్కుంటుంది, లెక్క వేరే దారి పడుతుంది. జీతాలు మారవని విడిగా చెప్పకపోతే వాటిని చర వ్యయంగా రాసినవాడిదీ న్యాయమే అవుతుంది, దిద్దేచోట తగాదా వస్తుంది. గుమస్తా మాట మాత్రం కావాలని వేసిన వల. 1,80,000 స్థిర వ్యయాన్ని 1,500 కిలోలకు పంచితే కిలోకు 120, దానికి 250 కలిపితే 370. అంకె తప్పు కాదు, ఈ నిర్ణయానికి అది పనికిరాదు, అంతే. అద్దె, జీతాలు ఆర్డరు తీసుకున్నా తీసుకోకపోయినా కట్టవలసినవే కదా. ఆ తేడా విద్యార్థి పట్టుకున్నాడా లేదా అన్నది ఏ నిర్వచనం అడిగినా బయటపడదు.

ఇక అంతస్తులు. (అ) కేసులోని వ్యయాలను స్థిర, చర వ్యయాలుగా విడదీయండి, 2 మార్కులు. నాలుగు వ్యయాలున్నాయి, ఒక్కోదానికి అరమార్కు. (ఆ) బ్రేక్ ఈవెన్ స్థాయిని, ప్రస్తుత అమ్మకం దానికంటే ఎంత ఎక్కువో లెక్కించండి, 4 మార్కులు. కిలోకు మిగులు 150, మొత్తం స్థిర వ్యయం 1,80,000, బ్రేక్ ఈవెన్ 1,200 కిలోలు, భద్రతా అంతరం 300 కిలోలు. మెట్టుకు ఒక మార్కు. ఈ రెండింటి గురించి ఎక్కువ చెప్పుకోవలసింది లేదు.

ప్రశ్న అసలు బరువు (ఇ) దగ్గర మొదలవుతుంది: ఆర్డరు పూర్తిగా ఒప్పుకుంటే నెలవారీ లాభం ఎంత మారుతుందో లెక్కతో చూపండి, 6 మార్కులు. ఆర్డరు మీద కిలోకు మిగిలేది 70, 800 కిలోలకు 56,000. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఖాళీ సామర్థ్యం 500 కిలోలే. మిగతా 300 కిలోలు ఇప్పటి కొనుగోలుదారుల వాటాలోంచి తీయాలి. వాటి మీద పోయేది 45,000, కాబట్టి నికరంగా పెరిగేది 11,000 మాత్రమే. మార్కులను ఇలా పంచుతాను: 70కి ఒకటి, 56,000కు ఒకటి, సామర్థ్యం చాలదని గుర్తించినందుకు రెండు, 45,000కు ఒకటి, నికర అంకెకు ఒకటి. గుర్తించడానికి రెండు మార్కులెందుకంటే ఈ ఉప ప్రశ్నలో ఆలోచన ఉన్నది అక్కడే, మిగతావన్నీ గుణకారాలు. కష్టమైన కూడికకు ఎక్కువ మార్కులు, కష్టమైన ఆలోచనకు తక్కువ మార్కులు ఇవ్వడం మన పేపర్లలో తరచు కనిపించే లోపం.

(ఈ) యజమానురాలు ఈ ఆర్డరు విషయంలో ఏం చేయాలో కేసు ఆధారాలతో నిర్ణయించండి, 8 మార్కులు. నగదు మాట ఈ ప్రశ్నలో ఎక్కడా ఎత్తలేదు, కావాలనే ఎత్తలేదు. లాభం 11,000 పెరుగుతుందన్నది నిజమే. కానీ మొదటి రెండు నెలలూ చేతికి వచ్చేది 1,200 కిలోల నగదు అమ్మకం 4,80,000 మాత్రమే. 2,000 కిలోల చర వ్యయం 5,00,000, స్థిర వ్యయం 1,80,000. అంటే నెలకు 2,00,000 లోటు, రెండు నెలలకు 4,00,000. బ్యాంకులో ఉన్నది 2,50,000. రెండో నెల ముగిసేలోపే డబ్బు అయిపోతుంది. ఇంకాస్త ముందుకు ఆలోచించిన విద్యార్థికి మరో దారి కనిపిస్తుంది: బేరమాడి 500 కిలోలే ఒప్పుకుంటే పాత కొనుగోలుదారులను వదులుకోనక్కరలేదు, లాభం 35,000 పెరుగుతుంది, రెండు నెలల లోటు 1,60,000కే ఆగుతుంది, అప్పూ అక్కరలేదు. ఆ దారి కేసులో రాసి లేదు కానీ, దానికి కావలసిన అంకెలన్నీ ఉన్నాయి.

ఈ ఎనిమిది మార్కులను "ఏవైనా నాలుగు అంశాలు, అంశానికి రెండు" అని పంచితే ప్రశ్న పాడైపోతుంది. పెద్ద కొనుగోలుదారు వల్ల పేరు వస్తుంది, ఆధారపడటం పెరుగుతుంది అని కంఠతా వచ్చిన నాలుగు మాటలు రాసినవాడికి పూర్తి మార్కులు వెళ్తాయి. ఇక్కడ కావలసింది స్థాయిల వారీ మూల్యాంకనం. నిర్ణయం చెప్పి పాఠ్యపుస్తకపు కారణాలతో సరిపెడితే 1 నుంచి 3. కేసు అంకెలతో ఒక పక్షాన్ని, అది లాభమైనా నగదైనా, నిలబెడితే 4 నుంచి 6. లాభాన్నీ నగదునూ ఎదురెదురుగా పెట్టి తూచి, ఒక నిర్ణయానికి వస్తే 7 లేదా 8. ఒప్పుకోవాలన్నా, వద్దన్నా, బేరమాడాలన్నా మార్కులు పోవు. ఒప్పుకోవాలన్నవాడు 1,50,000 ఎక్కడి నుంచి తేవాలో చెప్పాలి, అంతే.

అంతస్తుల ప్రశ్నలో పొంచి ఉండే ప్రమాదం ఒకటుంది. పై అంతస్తు కింది అంతస్తు జవాబు మీదే నిలబడితే, ఒక్క తప్పు ఇరవై మార్కులనూ కూల్చేస్తుంది. అందుకే (ఇ)కి (ఆ)లోని 1,200 అవసరం లేకుండా చూశాం. కిలోకు 150 మిగులు మాత్రం రెండు చోట్లా కావాలి. దాన్ని ఎవరైనా 140 అని పొరబడితే (ఆ)లో ఆ మార్కు పోతుంది, (ఇ)లో 140తోనే లెక్క సరిగ్గా సాగితే మిగతా మార్కులు ఇవ్వాలి. అలాగే సామర్థ్యం సంగతి గమనించక 56,000తో (ఈ)కి వచ్చినవాడికి (ఇ)లో రెండు మార్కులే వస్తాయి. కానీ ఆ అంకెతోనే నగదును సరిగ్గా తూచితే (ఈ)లో పై స్థాయికి చేరవచ్చు. ఒక తప్పుకు ఒక్కసారే శిక్ష. ఈ నియమాన్ని స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్‌లో రాతపూర్వకంగా పెట్టాలి. నోటిమాటగా వదిలేస్తే స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక బల్ల మీద పాటిస్తారు, పక్క బల్ల మీద పాటించరు.

ఉత్తీర్ణత గీత కూడా మార్కుల పంపకంలోనే ఉంటుంది. నలభై శాతం అంటే ఇరవైకి ఎనిమిది. (అ), (ఆ) పూర్తిచేసి (ఇ)లో మొదటి రెండు మెట్లు ఎక్కినవాడికి సరిగ్గా ఎనిమిది వస్తాయి. లెక్కలు తెలిసి నిర్ణయం తెలియనివాడు గట్టెక్కుతాడు, అంతకు మించి పోడు. నిర్వచనాలకే పన్నెండు మార్కులు పంచిన పేపరులో ఈ మాట చెప్పలేం.

సమయం విషయానికొస్తే, మూడు గంటలకు వంద మార్కులంటే మార్కుకు 1.8 నిమిషాలు, ఈ ప్రశ్నకు 36. కథను రెండుసార్లు చదవడానికి ఆరు నిమిషాలు తీసేస్తే మార్కుకు ఒకటిన్నర మిగులుతుంది: (అ)కి 3, (ఆ)కి 6, (ఇ)కి 9, (ఈ)కి 12 నిమిషాలు. ప్రశ్న తయారుచేసినవారు కాకుండా మరో అధ్యాపకుడు గడియారం పెట్టుకుని జవాబంతా చేత్తో రాసి చూడాలి. ఆయనకే ముప్పై నిమిషాలు పట్టిందంటే విద్యార్థికి చాలదు. అప్పుడు కోయవలసింది (ఈ)ని కాదు, కథను.

ఫలితాలు వచ్చాక ఒక పరిశీలన మిగులుతుంది. మొత్తం పేపరులో వచ్చిన మార్కులను బట్టి పైన 27 శాతం, అడుగున 27 శాతం జవాబు పత్రాలను వేరుచేసి పోల్చే పద్ధతిని ట్రూమన్ కెల్లీ 1939లో సమర్థించాడు, ఇప్పటికీ వాడుకలో ఉంది. (ఈ)లో పై వర్గం సగటు 6.5, కింది వర్గం సగటు 2 అయితే ఉప ప్రశ్న తన పని చేసినట్టే. రెండు వర్గాలకూ నాలుగైదు మార్కులే పడి ఉంటే, ముందుగా ఆ పత్రాల్లో ఒక పది తీసి ఎవరికి ఎందుకు మార్కులు పడ్డాయో చూడాలి. స్కీములో స్థాయిలున్నా దిద్దినవారు అంశాలు లెక్కపెట్టారన్నది అక్కడే బయటపడవచ్చు. అది కాదని తేలితే తప్పు కేసులో ఉంది: నగదు సంగతిని కథ మరీ లోతుగా దాచేసి ఉండాలి. అలాంటప్పుడు (ఈ)కి "మొదటి రెండు నెలల పరిస్థితిని పరిగణనలోకి తీసుకుని" అన్న మాట చేరిస్తే సరిపోతుంది. దాంతో ప్రశ్న కొంత సులువవుతుంది కాబట్టి, (ఈ)లోంచి ఒక మార్కు తీసి (ఇ)లో సామర్థ్యాన్ని గుర్తించినందుకు కలపాలి.