తలంబ్రాలు గళ్లు కట్టకుండా

మా మేనకోడలి పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో వచ్చింది. 40 నిమిషాలు, 5.1 జీబీ. మోకాళ్ల నొప్పులతో పెళ్లికి రాలేకపోయిన విజయనగరం చిన్నాన్నకి పంపాలి. ఆయన ఫోన్లో రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు, అదీ సాయంత్రానికి సీరియళ్లకే సరిపోతుంది. 300 ఎంబీకి కుదించాను. సైజు తగ్గింది గానీ, సరిగ్గా తలంబ్రాలు పోసుకునే దగ్గర బొమ్మంతా గళ్లు కట్టింది. పెళ్లికూతురి ముఖం గచ్చు పలకలు అతికించినట్టుంది. తప్పు నాదే.

అన్నిచోట్లా కాకుండా అక్కడే ఎందుకు పాడైందంటే, వీడియోని కుదించే పద్ధతిలోనే ఉంది కారణం. ప్రతి ఫ్రేమునీ మొత్తంగా దాచదు. బొమ్మని చిన్న చిన్న చదరాలుగా కోసి, ముందు ఫ్రేముకీ దీనికీ ఏం మారిందో అదే ఎక్కువగా రాసుకుంటుంది. పురోహితుడు కూర్చుని మంత్రాలు చదువుతుంటే కదిలేది ఆయన పెదవులూ చేతులే, ఖర్చు తక్కువ. తలంబ్రాలు పోసేసరికి వేల బియ్యపు గింజలు తలో దిక్కుకీ ఎగురుతాయి. పైన మినుకుమినుకుమనే సీరియల్ లైట్లు. దాదాపు ప్రతి చదరమూ మారిపోతుంది. రాయడానికి ఇచ్చిన చోటు చాలక ప్రతి చదరాన్నీ మోటుగా ఒకటి రెండు రంగులతో నింపేస్తుంది. పక్క చదరాలతో అంచులు కలవవు. మనకి కనిపించే గళ్లు అవే.

ఆ చోటు పేరే బిట్‌రేటు: ఒక్క సెకను వీడియోకి ఎంత డేటా ఖర్చు పెట్టొచ్చో చెప్పే లెక్క. ఫైలు సైజుని తేల్చేది బిట్‌రేటూ నిడివీ మాత్రమే. నా లెక్క ఇలా వచ్చింది. 300 ఎంబీని 8తో గుణిస్తే 2,400 మెగాబిట్లు (సైజు బైట్లలో, బిట్‌రేటు బిట్లలో ఉంటుంది, ఈ 8 మర్చిపోయినవాళ్ల ఫైలు ఎనిమిది రెట్లు తేడాగా వస్తుంది). 40 నిమిషాలంటే 2,400 సెకన్లు. అంటే సెకనుకి ఒక మెగాబిట్, 1,000 కిలోబిట్లు. మంత్రాలకీ సన్నాయికీ 96 తీసి పక్కన పెడితే బొమ్మకి మిగిలేది 900.

నేను చేసిన పొరపాటు, ఆ 900నీ 1080పీ బొమ్మ మీద పరచడం. ఒక్కో ఫ్రేములో 20 లక్షల పైచిలుకు చుక్కలు, సెకనుకి 30 ఫ్రేములు. గ్లాసెడు పిండితో పెళ్లి పందిరంతా ముగ్గేసినట్టే. అదే ఎత్తు 540కి దించితే చుక్కలు నాలుగో వంతుకి తగ్గి, ఒక్కో చుక్కకి నాలుగు రెట్ల డేటా దక్కుతుంది. గళ్లు పడ్డ 1080 కంటే నున్నగా ఉన్న 540 ఫోన్ తెర మీద చాలా బాగుంటుంది. పేరుకి 'ఫుల్ హెచ్‌డీ' అని పట్టుకు వేలాడేవాళ్లకి ఇది ఎంత చెప్పినా ఎక్కదు. కాకపోతే ఇంట్లో పెద్ద టీవీకి పెడితే మాత్రం 540 మసకగానే ఉంటుంది. టీవీకి పెన్‌డ్రైవే మేలు.

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ చేశాను. ఎత్తు 540, ఫ్రేములు 30, కోడెక్ H.264. H.265 అయితే ఇంకా తక్కువలో ఇమడ్చవచ్చు గానీ, చిన్నాన్న పాత ఫోన్లో ఆడుతుందో లేదో అని దాని జోలికి పోలేదు. Video ట్యాబ్‌లో Avg Bitrate దగ్గర 900 వేసి, దాని పక్కనే Multi-Pass Encoding టిక్ పెట్టాను. అసలు కీలకం ఈ టిక్కే. మొదటిసారి వీడియో అంతా చూసి ఎక్కడ కదలిక ఎక్కువో గుర్తు పెట్టుకుంటుంది. రెండోసారి మంత్రాల దగ్గర మిగిల్చింది తెచ్చి తలంబ్రాల దగ్గర ఖర్చు పెడుతుంది. సరాసరి 900 దాటదు. టైము మాత్రం బాగా పెరుగుతుంది. మా పాత లాప్‌టాప్ ఫ్యాను బొంయ్‌మంటుంటే నేను వెళ్లి భోజనం చేసొచ్చాను.

మొత్తం మొదలుపెట్టే ముందు తలంబ్రాల ముక్క 30 సెకన్లు మాత్రం తీసి, ఇవే సెట్టింగులతో చేసి, ఫోన్లో తెర నిండా పెట్టి చూశాను. ముక్కగా చేసినప్పుడు అరువు తెచ్చుకోవడానికి మంత్రాలుండవు కాబట్టి ఈ పరీక్ష అసలుకంటే కఠినం. అందులోనే ముఖాలు నిలిచాయంటే మిగతాది చూడక్కర్లేదు. నిలవకపోతే ఎత్తు 480కి దించాలి, లేదా వీడియోని రెండు భాగాలు చేసి ఒక్కోదానికి 300 ఎంబీ ఇవ్వాలి. చీకట్లో తీసిన బరాత్ లాంటివైతే కెమెరా గరుకు కూడా డేటా తినేస్తుంది. Filters ట్యాబ్‌లో Denoise కొంచెం పెడితే నయం.

ఇంత చేసీ వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి మామూలు వీడియోలా పంపితే అది తన లెక్కలో మళ్లీ కుదించేస్తుంది. అందుకని పిన్ను గుర్తు నొక్కి Document అని ఎంచుకుని పంపాను. 2 జీబీ దాకా ఉన్న ఫైళ్లు అలా ముట్టుకోకుండా వెళ్తాయి. రాత్రి చిన్నాన్న ఫోన్ చేశారు. "అంతా బానే ఉందిరా, పెళ్లికొడుకు తల మీద గింజలు కూడా లెక్కపెట్టొచ్చు. మన పెద్దత్త ఎక్కడా కనపడదేం?" అన్నారు. పెద్దత్త వంటల దగ్గర ఉండిపోయింది. దానికి ఏ సెట్టింగూ లేదు.