స్ప్రెడ్ చార్టు: సాగిన దూరం, తెగిన జత

ఎచ్చెర్ల నుంచి జాతీయ రహదారి మీద విశాఖ వైపు వెళ్తే, రణస్థలం దాటాక పైడిభీమవరం వస్తుంది. ఎచ్చెర్ల నియోజకవర్గంలోని ఊరే. డాక్టర్ రెడ్డీస్‌కు ఇక్కడ బల్క్ డ్రగ్ ప్లాంటు ఉంది. అరబిందో ఫార్మాకూ ఉంది. రెండు కంపెనీల ప్రధాన కార్యాలయాలూ హైదరాబాదులోనే. రెండూ అమెరికాకు జెనెరిక్ మందులు అమ్ముతాయి. అక్కడ మందుల ధరలు తగ్గితే రెండింటికీ దెబ్బ, డాలరు బలపడితే రెండింటికీ లాభం. వాటిని తనిఖీ చేసేది కూడా అమెరికా ఎఫ్‌డీఏ అనే ఒకే సంస్థ. అందుకే స్టాక్ మార్కెట్లో వాటి షేర్లు చాలా రోజులు ఒకే కాడి కింది ఎద్దుల్లా నడుస్తాయి. ఒకటి కాసేపు ముందుకు లాగినా రెండోది వచ్చి కలుస్తుంది.

ఆ కాసేపటి దూరాన్ని కొలిచి వ్యాపారం చేసే పద్ధతి పేరు పెయిర్స్ ట్రేడింగ్. దానికి నలభై ఏళ్లు దాటాయి. 1980ల మొదట్లో అమెరికాలోని మోర్గాన్ స్టాన్లీలో గెర్రీ బాంబర్గర్ అనే ప్రోగ్రామర్ బ్లాక్ ట్రేడింగ్ విభాగానికి సాఫ్ట్‌వేర్ రాసేవాడు. పెద్ద పెద్ద ఫండ్లు లక్షల షేర్లు ఒకేసారి అమ్ముతామంటే ఆ విభాగం కొనేది. ఆ రిస్కుకు అడ్డుగా అదే రంగంలోని మరో కంపెనీ షేరును అమ్మి పెట్టేది. లెక్కల్లో ఈ రెండూ విడివిడిగా ఉండేవి. వాటిని పక్కపక్కన పెట్టి చూసిన బాంబర్గర్‌కు ఒక సంగతి తెలిసింది. ఒక పెద్ద ఆర్డరు వల్ల షేరు ధర పడితే, అందులో కొంత భాగం కంపెనీ విలువకు సంబంధం లేనిది. ఆర్డరు ఒత్తిడి తీరగానే ధర జతగాడి దగ్గరికి తిరిగి వచ్చేది.

తర్వాత ఆ పని నున్జియో టార్టాగ్లియా చేతికి వెళ్లింది. బాంబర్గర్ బయటికి వచ్చి గణిత శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ థోర్ప్‌తో కలిశాడు. టార్టాగ్లియా బృందం 1987లో అయిదు కోట్ల డాలర్లు సంపాదించిందని చెబుతారు. ఆ తర్వాతి రెండేళ్లు బాగా నడవక 1989లో బృందం విడిపోయింది. రహస్యంగా పుట్టిన పద్ధతిని అందరి ముందూ పరీక్షకు పెట్టింది మాత్రం గాటెవ్, గోట్స్‌మన్, రూవెన్‌హోర్స్ట్ అనే ముగ్గురు పరిశోధకులు. 2006లో అచ్చయిన వాళ్ల వ్యాసంలో నియమాలు చాలా తేలిక. పన్నెండు నెలల ధరలు చూసి జతలు ఎంచుకోవాలి, తర్వాతి ఆరు నెలలు వాటితోనే వ్యాపారం చేయాలి. దూరం రెండు స్టాండర్డ్ డీవియేషన్లు దాటితే దిగాలి, ధరలు మళ్లీ కలిస్తే బయటపడాలి. 1962 నుంచి 2002 వరకు అమెరికా షేర్ల మీద ఈ పద్ధతి లాభమే చూపింది. కానీ పోటీ పెరిగిన కొద్దీ చివరి సంవత్సరాల్లో ఆ లాభం బాగా పలచబడింది.

ఇప్పుడు చార్టు ఎలా తయారవుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు తేలికగా ఉండాలని నేను అనుకున్నవి, ఏ కంపెనీ అసలు ధరలూ కావు. మొదటి షేరు 1,200 రూపాయలు, రెండోది 600 రూపాయలు అనుకుందాం. గత ఏడాది ధరలను రిగ్రెషన్‌లో పెడితే, రెండోది ఒక రూపాయి కదిలినప్పుడు మొదటిది సగటున రూపాయి అరవై పైసలు కదిలిందని తేలింది. ఈ 1.6ను హెడ్జ్ రేషియో అంటారు. మొదటి షేరు ధరలోంచి, రెండో షేరు ధరను 1.6తో హెచ్చించి తీసేస్తే మిగిలేదే స్ప్రెడ్. ఇక్కడ 1,200లోంచి 960 పోతే 240. ఏడాది సగటు కూడా 240, స్టాండర్డ్ డీవియేషన్ 30 అనుకుందాం. రోజూ వచ్చే స్ప్రెడ్‌లోంచి 240 తీసి, 30తో భాగిస్తే వచ్చే అంకెను జెడ్ స్కోర్ అంటారు. చార్టు మీద గీసేది దాన్నే. మధ్యలో సున్నా గీత, పైన ప్లస్ 2 దగ్గర, కింద మైనస్ 2 దగ్గర హద్దు గీతలు.

ఒక రోజు మొదటి షేరు 1,148కి పడింది, రెండోది 605 దగ్గర ఉంది. స్ప్రెడ్ 180, జెడ్ స్కోర్ మైనస్ 2. మొదటిది 500 షేర్లు కొంటాం, రెండోది 800 షేర్లు అమ్ముతాం. 500ను 1.6తో హెచ్చిస్తే వచ్చేదే ఆ 800. మన దేశంలో క్యాష్ మార్కెట్లో చేతిలో లేని షేరును అమ్మితే ఆ రోజే తిరిగి కొనాలి. కాబట్టి రోజుల తరబడి ఉంచే షార్ట్‌కు మామూలుగా ఫ్యూచర్సే దారి. ఫ్యూచర్స్‌లో లాట్ల లెక్కనే కొనాలి గనుక ఈ నిష్పత్తి కచ్చితంగా కుదరదు. కుదరని ఆ కాస్త భాగం మార్కెట్ మీద పందెంగా మిగులుతుంది. చిన్న పెట్టుబడితో దిగేవాళ్లకు మొదటి చిక్కు ఇదే.

కొన్ని రోజులకు మొదటిది 1,192కి, రెండోది 595కి వచ్చాయి. స్ప్రెడ్ మళ్లీ 240. కొన్నదాని మీద షేరుకు 44 రూపాయల చొప్పున 22,000, అమ్మినదాని మీద పది రూపాయల చొప్పున 8,000, మొత్తం 30,000 రూపాయల లాభం. కొనడం రెండుసార్లు, అమ్మడం రెండుసార్లు, మొత్తం చేతులు మారిన విలువ దాదాపు 21 లక్షలు. బ్రోకరేజీ, పన్నులు, కోరిన ధర దొరకకపోవడం అన్నీ కలిపి లక్షకు వంద రూపాయలు అనుకున్నా రెండు వేలకు పైగా పోతుంది. సగటుకు రాకముందే, జెడ్ స్కోర్ మైనస్ 1 దగ్గరే తొందరపడి బయటికొస్తే లాభం 15,000కి తగ్గుతుంది, ఖర్చు మాత్రం అంతే ఉంటుంది.

ఇంతవరకు ఎవరైనా నేర్చుకుంటారు. నా దృష్టిలో ఈ పద్ధతి అసలు పరీక్ష ప్రవేశం దగ్గర లేదు, బయటికొచ్చే దగ్గర ఉంది. అందులో ఎక్కువమంది గమనించని లోపం ఒకటుంది. చార్టులో సగటును రోజూ జరిగే కిటికీతో, అంటే చివరి అరవై రోజులతోనో వంద రోజులతోనో లెక్కిస్తారు. స్ప్రెడ్ 180 దగ్గరే నెలల తరబడి కూర్చుందనుకోండి. కిటికీ జరిగిన కొద్దీ సగటు 240 నుంచి 200కి దిగుతుంది, స్టాండర్డ్ డీవియేషన్ 40కి పెరుగుతుంది. స్ప్రెడ్ అంగుళం కూడా కదలకుండానే జెడ్ స్కోర్ మైనస్ 2 నుంచి మైనస్ అరకు వచ్చేస్తుంది. చార్టు చూస్తే జత కలిసిపోయినట్టే ఉంటుంది, ఖాతాలో లాభం సున్నా. అందుకే దిగిన రోజున ఉన్న 240, 30, 1.6 అనే మూడు అంకెలనూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ వ్యాపారం ముగిసేదాకా వాటితోనే కొలవాలి. కొత్త లెక్కలు తర్వాతి వ్యాపారానికి.

రెండో నియమం కాలానిది. సాగిన స్ప్రెడ్ సగం దూరం వెనక్కి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో పాత ధరల నుంచే లెక్కించవచ్చు. స్ప్రెడ్ సగటు నుంచి ఎంత దూరంలో ఉంటే, మర్నాడు అందులో సుమారు ఏడు శాతం వెనక్కి వచ్చిందని తేలితే, సగానికి దాదాపు పది రోజులు. దీన్ని హాఫ్ లైఫ్ అంటారు. దానికి మూడింతలు, అంటే ముప్పై రోజులు గడిచినా జత కలవలేదంటే, మనం లెక్క వేసిన జత ఇది కాదని అర్థం. నష్టం కొంచెమే ఉన్నా బయటికి రావాలి.

మూడోది స్టాప్‌లాస్. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది. దూరం పెరిగిన కొద్దీ కొనుగోలు ఇంకా చవక అని చార్టు చెబుతుంది, నష్టం పెరుగుతోంది అమ్మేయమని స్టాప్‌లాస్ చెబుతుంది. రెండింటిలో ఏది నిజమో ధర ఒక్కటే చూసి చెప్పలేం. దూరం ఎందుకు పెరిగిందో తెలియాలి. పెద్ద ఆర్డరు వల్ల పెరిగిన దూరం తిరిగి వస్తుంది. కంపెనీ సంపాదనే మారినందువల్ల పెరిగింది అదే స్థాయికి రావాల్సిన పని లేదు.

ఈ మాటకు సాక్ష్యం పైడిభీమవరంలోనే ఉంది. 2014 నవంబరు మొదలు కొన్ని నెలల పాటు ఎఫ్‌డీఏ అధికారులు డాక్టర్ రెడ్డీస్ ప్లాంట్లు మూడింటిని తనిఖీ చేశారు. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలోనిది ఒకటి, మిర్యాలగూడలోనిది ఒకటి, విశాఖ దువ్వాడలోనిది మరొకటి. 2015 నవంబరులో ఆ మూడింటికీ కలిపి వార్నింగ్ లెటర్ వచ్చింది. వార్త బయటికొచ్చిన నవంబరు 6న షేరు దాదాపు 15 శాతం పడింది. మన లెక్కలోని మొదటి షేరుకు అలాంటి దెబ్బ తగిలిందనుకుందాం. 1,148 ఉన్నది 14 శాతం పడితే 987. రెండోది 605 దగ్గరే ఉంటే స్ప్రెడ్ 19, జెడ్ స్కోర్ మైనస్ 7 దాటింది. మైనస్ 3.5 దగ్గర, అంటే 22,500 నష్టం దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకున్నాం. కానీ ధర ఒక్కసారిగా గెంతినప్పుడు ఆ మెట్టు దగ్గర కొనేవాడే దొరకడు. అసలు నష్టం 80,500. మంచి వ్యాపారాలు రెండున్నర కలిపితే వచ్చే లాభం కన్నా ఎక్కువ. మూడున్నరేళ్ల తర్వాత వంతు మారింది. 2019 ఫిబ్రవరిలో అరబిందో యూనిట్ 11ను ఎఫ్‌డీఏ తనిఖీ చేసింది, జూన్‌లో వార్నింగ్ లెటర్ ఇచ్చింది. ఆ యూనిట్ కూడా పైడిభీమవరంలోదే. ఒకే నియంత్రణ సంస్థ కింద ఉండటం జతను కలిపి ఉంచిన కారణాల్లో ఒకటి. ఉత్తరం ఒక్క చిరునామాకే వచ్చిన రోజున అదే జతను విడదీసింది.

ఇంతకన్నా ఘోరమైనది 2009 జనవరి 7న తెలుగువాళ్లందరూ చూశారు. అంతకుముందు నెలలో మేటాస్ కంపెనీల కొనుగోలు వ్యవహారంతో సత్యం షేరు పడింది. ఇన్ఫోసిస్‌తో జత కట్టి చూసినవాడికి సత్యం ఎంతో చవకగా కనిపించి ఉండాలి. సత్యం ఛైర్మన్ రామలింగరాజు మోసం ఒప్పుకుంటూ రాసిన లేఖ వచ్చిన ఆ ఒక్క రోజులో షేరు 179 రూపాయల దగ్గర నుంచి 40కి వచ్చింది. అక్కడ స్ప్రెడ్ లెక్కలోకి వెళ్లిన పాత ధరల వెనకున్న లాభాల అంకెలే అబద్ధాలు.

వార్నింగ్ లెటర్ మాత్రం అంత హఠాత్తుగా వచ్చేది కాదు. తనిఖీ ముగియగానే అధికారులు లోపాలు కనిపిస్తే ఫారం 483 అనే కాగితం మీద రాసి ఇస్తారు. కంపెనీ పదిహేను పనిదినాల్లో జవాబిస్తుంది. ఆ తర్వాత నెలల పాటు విషయం తేలకుండా ఉంటుంది. ఈ మధ్య కాలంలో ఆ షేరు ఒకవైపు ఉన్న జత చార్టు మీద ఎంత అందంగా సాగినా దిగకూడదు, ఇప్పటికే దిగి ఉంటే సగమైనా తగ్గించుకోవాలి. త్రైమాసిక ఫలితాలకు ముందు రెండు రోజులూ అంతే. ఇక ఉత్తరం వచ్చేసిన రోజున చేయాల్సింది ఒక్కటే. మార్కెట్ తెరవగానే రెండు వైపులా మూసేయాలి. ఒక్క వైపు ఉంచుకుంటే అది జత కాదు, ఒంటి షేరు మీద పందెం. ఆ తర్వాత హెడ్జ్ రేషియో మళ్లీ కట్టడానికి ఉత్తరం తర్వాతి ధరలే వాడాలి. పాత సగటుతో కలిపితే రెండు వేర్వేరు కంపెనీల ధరలను ఒకే వరుసలో పేర్చినట్టే అవుతుంది. కొత్త ధరలు ఏడాది మేర పోగయ్యేదాకా ఆ జత జాబితాలోంచి బయటే ఉండాలి.