పది నిమిషాల సినిమా ముక్కకు సబ్‌టైటిళ్లు: తీసేయాల్సిన అంకె ఏది?

నల్లగొండలో ఒక కాలేజీ అధ్యాపకుడు ‘మా భూమి’ సినిమాలోంచి పది నిమిషాల భాగాన్ని తరగతిలో చూపించాలనుకున్నాడనుకుందాం. గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమా నడిచేది దాదాపు రెండున్నర గంటలు. ఆయనకు కావలసింది 42 నిమిషాల 10వ సెకను నుంచి 52 నిమిషాల 10వ సెకను దాకా. వీడియోను కత్తిరించడం తేలికే. సబ్‌టైటిల్ ఫైలును మాత్రం దానికి తగ్గట్టు మార్చుకోవాలి, ఎందుకంటే అందులోని గడియారం ఇంకా మొత్తం సినిమాదే. అలాగే వదిలేస్తే ఆ పది నిమిషాల్లో సినిమా మొదటి పది నిమిషాల మాటలు తెర మీదికి వస్తాయి. (ఇక్కడి అంకెలన్నీ లెక్క చూపడానికి వేసుకున్నవే.)

`.srt` ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ప్రతి మాటకూ ఒక వరుస సంఖ్య, దాని కింద మొదలయ్యే సమయం, ముగిసే సమయం, ఆ కింద మాట కనిపిస్తాయి. గంటలు, నిమిషాలు, సెకన్లు, కామా తర్వాత సెకనులో వెయ్యో వంతులు. మాటలను వదిలేసి, సంఖ్యను సమయం పక్కనే రాస్తే, మన ముక్క మొదట్లో, చివర్లో ఇలా ఉందనుకోండి:

```
611  00:42:08,400 --> 00:42:11,900
612  00:42:16,200 --> 00:42:18,700
748  00:52:08,900 --> 00:52:12,300
```

ఇక్కడ చాలామంది తడబడతారు. ‘సున్నా నుంచి మొదలవ్వాలి’ అనగానే మొదటి మాటను సున్నా దగ్గరికి లాగేస్తారు. సున్నా కావలసింది మొదటి మాట కాదు, వీడియోను కోసిన క్షణం. విజయవాడ రోడ్డు మీద కిలోమీటరు రాళ్లను హైదరాబాద్ నుంచి కాకుండా చౌటుప్పల్ నుంచి లెక్కపెడితే, చౌటుప్పల్ దాటిన రెండు కిలోమీటర్లకు ఉన్న హోటల్ రెండో కిలోమీటరు దగ్గరే ఉంటుంది కదా! అలాగే 612వ మాట కోత తర్వాత 6.2 సెకన్లకు వస్తుంది, అక్కడే ఉండాలి. 611వ మాట ముగిశాక అప్పటిదాకా తెర మీద ఎవరూ మాట్లాడటం లేదు మరి. కాబట్టి ప్రతి సమయంలోంచీ తీసేయాల్సింది ఒకటే అంకె: 00:42:10,000.

తీసివేతలో అరవై లెక్క మరవొద్దు. 45 నిమిషాల 3 సెకన్లలోంచి 42 నిమిషాల 10 సెకన్లు తీస్తే సెకన్లు చాలవు. ఒక నిమిషాన్ని 60 సెకన్లుగా అప్పు తెచ్చుకుంటే 2 నిమిషాల 53 సెకన్లు మిగులుతుంది.

మరి కోతకు ముందే మొదలై, కోత దాటాక ముగిసే 611వ మాట సంగతి? నేరుగా తీసేస్తే దాని మొదలు సున్నాకంటే 1.6 సెకన్లు వెనక్కి పోతుంది. అలాంటి సమయం ఈ ఫైలులో చెల్లదు. కనుక మొదలును 42:10 దగ్గరికి జరపాలి. 748వ మాట చివరను కూడా అలాగే 52:10 దగ్గర ఆపాలి. ఫలితం ఇది:

```
1    00:00:00,000 --> 00:00:01,900
2    00:00:06,200 --> 00:00:08,700
138  00:09:58,900 --> 00:10:00,000
```

అయితే నన్నడిగితే వీడియో కోతనే 42:08కి జరపమంటాను. సగం వినిపించిన మాటకు పూర్తి అనువాదం కనిపిస్తే పిల్లలు అయోమయంలో పడతారు. అప్పుడు తీసేయాల్సిన అంకె కూడా 42:08 అవుతుంది. కోత జరపడం కుదరకపోతే, ఒక సెకనుకంటే తక్కువ మిగిలిన మాటను తీసేయడమే మేలు, అంతలో చదవలేరు.

వంద పైచిలుకు మాటలకు చేత్తో లెక్క ఎందుకు? ఉచితంగా దొరికే సబ్‌టైటిల్ ఎడిట్ అనే ప్రోగ్రామ్‌లో ముందు అక్కరలేని వరుసలు తుడిచేసి, అంచుల్లోని రెండు మాటలను సరిచేసి, ఆ తర్వాతే `Synchronization` మెనూలోని `Adjust all times`లో 42:10 ఇచ్చి, అన్ని వరుసలూ అంత ముందుగా వచ్చేలా జరపాలి. వరుస తప్పితే తుడవని పాత మాటలు సున్నా కిందికి జారతాయి. వీడియో `clip.mp4` అయితే ఈ ఫైలును పక్కనే `clip.srt` పేరుతో ఉంచితే వీఎల్‌సీ దానంతటదే పట్టుకుంటుంది.

అన్నీ సరిగ్గా చేసినా మాటలన్నీ ఒకే తేడాతో, ఒకటి రెండు సెకన్లు ముందుగానే వస్తుంటే తప్పు వీడియో కోతలో ఉందేమో చూడండి. వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా, అంటే బొమ్మలను కొత్తగా తయారుచేయకుండా కోస్తే, అది అడిగిన చోట కాక దానికి ముందున్న కీఫ్రేమ్ దగ్గర తెగవచ్చు. కీఫ్రేమ్ అంటే పక్క బొమ్మల మీద ఆధారపడకుండా పూర్తిగా నిలువ చేసిన బొమ్మ. ఈ ఆదేశం మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. కాస్త ఆలస్యమైనా అడిగిన చోటే కోస్తుంది:

```
ffmpeg -ss 00:42:10 -i film.mp4 -t 600 clip.mp4
```

తేడా ఒకేలా ఉండక పోనుపోనూ పెరుగుతుంటే రోగం వేరు. సెకనుకు 25 బొమ్మల వీడియో కోసం రాసిన ఫైలును 23.976 బొమ్మల వీడియోకు పెడితే, మొదటి మాటను చేత్తో సరిపెట్టినా పదో నిమిషానికి మాటలు దాదాపు 25 సెకన్లు ముందుంటాయి. ఏ తీసివేతా దాన్ని సరిచేయలేదు. సబ్‌టైటిల్ ఎడిట్‌లో అదే `Synchronization` మెనూలోని `Change frame rate` సరిచేస్తుంది. దాన్ని మాత్రం ఏమీ కత్తిరించకముందే, మొత్తం సినిమా ఫైలు మీద వాడాలి. ఆ తేడా పేరుకోవడం సినిమా మొదటి సెకను నుంచే మొదలవుతుంది.