‘మేమే తొలగించాం’ అని చెప్పగలగాలి

2022 ఏప్రిల్ 5న ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ సంస్థ ఒక పాత యాప్‌ను కస్టమర్ల సైట్ల నుంచి తీసేసే పని మొదలుపెట్టింది. ఆ పని అడిగిన బృందం యాప్ గుర్తింపు సంఖ్యలకు బదులు సైట్ల గుర్తింపు సంఖ్యలు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒకేలా స్వీకరించింది, హెచ్చరించలేదు. అరగంటలోపే 775 కస్టమర్ల సైట్లు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. బ్యాకప్‌లు ఉన్నాయి. కానీ మిగతా కస్టమర్ల పని ఆగకుండా, పోయిన సైట్లను మాత్రమే పెద్దసంఖ్యలో వెనక్కి తెచ్చే పద్ధతి సిద్ధంగా లేదు. అందరికీ సేవ తిరిగి అందేసరికి ఏప్రిల్ 18 అయింది.

ఇంతకన్నా బాధ పెట్టిన విషయం మరొకటి ఉంది. సైట్లతోపాటు కస్టమర్ల సంప్రదింపు వివరాలూ పోయాయి. ఫిర్యాదు చేద్దామంటే ఫారం సైట్ చిరునామా అడుగుతుంది, ఆ సైటే లేదు. ముందే బహిరంగంగా మాట్లాడి ఉండాల్సిందని సంస్థ తర్వాత ఒప్పుకుంది.

ఇలాంటి సమయంలో వ్యవస్థాపకుడు కెమెరా ముందుకొస్తే ఏం చెప్పాలి? మన రైల్వే స్టేషన్లలో వినిపించే ‘కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఆ అసౌకర్యం ఎవరివల్ల కలిగిందో అందులో లేదు. ‘డేటా డిలీట్ అయిపోయింది’ అన్నా అంతే, దానంతట అదే పోయినట్టు ఉంటుంది. ‘ఎవరికైనా ఇబ్బంది కలిగి ఉంటే’ అన్నది ఇంకా అన్యాయం. రెండు వారాలు పని ఆగిపోయినవాడికి ఇబ్బంది కలిగిందా అన్న అనుమానమా!

కష్టమైనది నిజమైన అంకెల విషయం. అట్లాసియన్‌కు అప్పటికి రెండు లక్షలకు పైగా కస్టమర్లున్నారు. ‘అర శాతం కన్నా తక్కువమందికే సమస్య’ అంటే అబద్ధం కాదు. కానీ వీడియో చూస్తున్నది ఆ కొద్దిమందే. వారికి పోయింది నూటికి నూరు శాతం. ఆ అంకెను నివేదికలో రాయొచ్చు, క్షమాపణలో చెప్పకూడదు. ‘డేటా దాదాపుగా భద్రం’ అన్న వాస్తవమూ అంతే, నష్టాన్ని ఒప్పుకున్నాకే అది రావాలి.

ఈ ఘటన వివరాలతో, సేవలన్నీ తిరిగొచ్చిన రోజు కోసం నేను రాసిన నమూనా ఇది. ఆ సంస్థలో ఎవరూ ఇలా మాట్లాడలేదు. చదవడానికి నిమిషం పైన పడుతుంది.

“నమస్కారం. నేను ఈ సంస్థ సహ వ్యవస్థాపకుణ్ని. ఏప్రిల్ 5న మేం మీ సైట్లను తొలగించాం. ఒక పాత యాప్‌ను తీసేయబోయి, తప్పు సంఖ్యలు ఇచ్చి, సరిచూసుకోకుండా నడిపాం. మీలో కొందరికి దాదాపు రెండు వారాలు పని ఆగిపోయింది. మీ మేనేజర్లకు, మీ కస్టమర్లకు మా బదులు మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మమ్మల్ని చేరుకునే దారి కూడా మీకు లేకుండా చేశాం, మేం ఆలస్యంగా మాట్లాడాం. నన్ను క్షమించండి. ఇవాళ్టికి అన్ని సైట్లూ తిరిగొచ్చాయి. తొలగింపుకు కాస్త ముందు నిమిషాల్లో మీరు చేసిన మార్పులు కొన్ని పోయి ఉండొచ్చు. ఇకపై ఏ సైటునైనా ఒక్క ఆదేశంతో శాశ్వతంగా తొలగించే వీలు లేకుండా చేస్తాం. మీ సంప్రదింపు వివరాలను వేరేచోట కూడా భద్రపరుస్తాం.”

తప్పు సంఖ్యలు ఇచ్చిన బృందం ప్రస్తావన ఇందులో లేదు, గమనించండి. ఒక్క పొరపాటుతో అంత నష్టం జరిగేలా వ్యవస్థను ఉంచింది సంస్థే కనుక, కింది ఉద్యోగుల మీదికి నెట్టకూడదు. ‘మళ్లీ ఎప్పటికీ జరగదు’ అన్న మాటా లేదు. అది ఎవరూ నిలబెట్టుకోలేని మాట. ఇచ్చిన రెండు హామీలూ ఆరు నెలల తర్వాత ఎవరైనా అడిగి సరిచూసుకోగలిగినవి. సంస్థ తన నివేదికలో ప్రకటించిన దిద్దుబాట్లు కూడా ఈ తరహావే.

ఇలాంటి వీడియోకు పాత ఉదాహరణ అమెరికాలో ఉంది. 2007 ఫిబ్రవరిలో మంచుతుపానుకు జెట్‌బ్లూ విమానాల రాకపోకలు రోజుల తరబడి తలకిందులయ్యాయి. ప్రయాణికులు న్యూయార్క్‌లో నిలిచిపోయిన విమానాల్లో గంటల కొద్దీ చిక్కుకున్నారు. తుపాను ప్రకృతిదే అయినా, వ్యవస్థాపకుడు డేవిడ్ నీల్‌మన్ యూట్యూబ్ వీడియోలో క్షమాపణ చెప్పాడు. ఎన్ని గంటల ఆలస్యానికి ఎంత పరిహారమో చెప్పే ప్రయాణికుల హక్కుల పత్రాన్ని వారంలోపే ప్రకటించాడు. అయినా ఆ మే నెలలో బోర్డు అతని స్థానంలో కొత్త సీఈఓను నియమించింది. హక్కుల పత్రం మాత్రం సంస్థలో కొనసాగింది.