‘హెచ్’ కన్నా ‘టి’ చిన్నది

టైర్ల షాపులో కారు ఆగగానే కుర్రాడి కన్ను మొదట పడేది రిమ్ము సైజు మీద. పద్నాలుగా, పదిహేనా? అది తెలిస్తే చాలు, లోపలికెళ్లి రెండు టైర్లు దొర్లించుకొస్తాడు. రిమ్ముకు టైరు పట్టేస్తుంది, గాలి నిలుస్తుంది, కారు నడుస్తుంది. తప్పు టైరు పడ్డ సంగతి చాలామందికి అది అరిగిపోయేదాకా తెలియకపోవడానికి కారణం ఇదే.

ఖమ్మంలో ఉండే మా బావగారికి మాత్రం నాలుగు రోజుల్లోనే తెలిసింది. ఆదివారం కారు కడుగుతూ ముందు టైరు పక్కన ఉన్న అంకెలు చూశారు: 175/65 R15 84T. వెనక టైరు మీద 185/65 R15 88H అని ఉంది. డ్రైవరు తలుపు తీస్తే లోపలి స్తంభానికి కంపెనీ అంటించిన స్టిక్కరు కనిపిస్తుంది. అందులోనూ 185/65 R15 అనే ఉంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో 88H కూడా రాసి ఉంది. షాపుకు ఫోన్ చేస్తే వచ్చిన జవాబులు మూడు. ఒకటి, బిల్లులో 175 అనే రాశాం, మీరు డబ్బు కట్టి తీసుకున్నారు. రెండు, అక్షరాల్లో హెచ్ తర్వాతే కదా టి వచ్చేది, అంటే మీకు పెద్దదే ఇచ్చాం. మూడు, ఈ రోడ్ల మీద 190లో ఎవరు తోలతారు సార్?

ఆయన కోపంతో రాసిన మొదటి ఉత్తరం నాకు చూపించారు. అందులో ‘మోసం’ అన్న మాట చాలాసార్లు ఉంది, ‘మా ప్రాణాలు తీయడానికి’ అన్న మాట కూడా ఉంది. టైరు అంకెలు మాత్రం ఎక్కడా లేవు. అలాంటి ఉత్తరం పక్కన పడేయడం ఏ షాపువాడికైనా సులువు. దాన్ని పక్కన పెట్టి, షాపు చెప్పిన మూడు జవాబుల్లో నిజమెంతో ముందు చూద్దామన్నాను.

అక్షరం సంగతి తేలిగ్గా తేలిపోయింది. టైరు చివరి అక్షరం, నిర్ణీత బరువుతో అది తట్టుకోగల గరిష్ఠ వేగాన్ని చెబుతుంది. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, టి అంటే 190, యు అంటే 200. ఆ తర్వాత వరస తప్పుతుంది. 210కి హెచ్ వస్తుంది, 240కి వి వస్తుంది. హెచ్ స్థానం యు, వి అక్షరాల మధ్యన. అక్షరమాల చూసి టి పెద్దదనుకోవడం పొరపాటు. హెచ్ కావాల్సిన చోట వి వేస్తే ఇబ్బంది లేదు, టి వేస్తే కంపెనీ అడిగిన దానికన్నా తక్కువ వేసినట్టు.

190లో ఎవరు తోలతారన్న ప్రశ్న అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మన దేశంలో ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్లకు పరిమితి 120. ఆ లెక్కన టి సరిపోతుందనిపిస్తుంది. కానీ ఆ అక్షరం వేగం పందేనికి సంబంధించింది కాదు, వేడికి సంబంధించింది. టైరు దొర్లుతున్నప్పుడు నేలకు తగిలే చోట ప్రతి చుట్టుకూ నలిగి మళ్లీ నిటారవుతుంది. ఆ నలుగుడులో వేడి పుడుతుంది. వేగం పెరిగినా, బరువు పెరిగినా, గాలి తగ్గినా వేడి పెరుగుతుంది. ప్రయోగశాలలో పెద్ద ఉక్కు డ్రమ్ము మీద బరువుతో ఒత్తిపట్టి, మెట్లు మెట్లుగా వేగం పెంచుతూ తిప్పి, టైరు చెక్కుచెదరకుండా నిలిస్తేనే ఆ అక్షరం ఇస్తారు. అక్కడ గాలి సరిగ్గా ఉంటుంది, టైరు కొత్తది. మే నెల ఎండలో, అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను సర్ది, 33 ఉండాల్సిన గాలి 26 ఉన్న కారు ఆ ప్రయోగశాలలా ఉండదు. అలాంటి రోజు కోసమే కంపెనీ కొంత మిగులు ఉంచి టైరును నిర్ణయిస్తుంది. తక్కువ అక్షరం టైరు వేస్తే ఆ మిగులు తరిగిపోతుంది. టైరు రేపే పేలిపోతుందని దీని అర్థం కాదు. ఉత్తరంలో అలా రాయకూడదు కూడా, రాస్తే నిజం చెప్పిన చోట కూడా నమ్మరు.

నన్నడిగితే ఇక్కడ అక్షరం కన్నా పెద్ద తప్పు దాని ముందున్న అంకెలో ఉంది. ఫోనులో ఎవరూ దాని మాట ఎత్తలేదు. 88 అంటే ఆ టైరు 560 కిలోలు మోయగలదు. 84 అంటే 500 కిలోలు. అవి నేరుగా కిలోలు కావు, ఒక పట్టికలోని గుర్తులు. అందుకే నాలుగంకెల తేడా చూడ్డానికి చిన్నదనిపిస్తుంది. ఒక్కో టైరుకు 60 కిలోలు, ముందు రెండిటికీ కలిపి 120 కిలోల సామర్థ్యం తగ్గింది. హ్యాచ్‌బ్యాక్‌లో ఇంజను, గేరుబాక్సు ముందే ఉంటాయి, బ్రేకు వేస్తే బరువు ఇంకా ముందుకే తూగుతుంది. మామూలు ప్రయాణానికి 500 కిలోలు చాలవచ్చు. కానీ తలుపు స్టిక్కరు మీద రాసిన గాలి లెక్క 88 టైరుకు కట్టింది, 84 టైరుకు కాదు.

ఇక సైజు. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. వెడల్పు తగ్గితే ఎత్తు కూడా దానితో పాటే తగ్గుతుంది. 185లో 65 శాతం దాదాపు 120 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 240, పదిహేను అంగుళాల రిమ్ము 381, మొత్తం చక్రం ఎత్తు 621 పైచిలుకు. 175 టైరుకు ఇదే లెక్క కడితే 608 పైచిలుకు వస్తుంది. తేడా 13 మిల్లీమీటర్లు, అంటే సుమారు రెండు శాతం. ముందు చక్రాల తిరుగుడును బట్టి లెక్కించే మీటరు వంద చూపిస్తున్నప్పుడు కారు నిజంగా వెళ్లేది 98లో. అది పెద్ద ప్రమాదమేమీ కాదు. అసలు చిక్కు ముందు, వెనక చక్రాలు సమానంగా లేకపోవడం. ముందువి ఎప్పుడూ వెనకవాటి కన్నా రెండు శాతం ఎక్కువ చుట్లు తిరుగుతాయి. నాలుగు చక్రాల వేగాలనూ పోల్చి చూస్తూ పనిచేసే బ్రేకు వ్యవస్థను, నాలుగూ ఒకే సైజన్న నమ్మకంతో తయారుచేశారు. చిన్న తేడాను అది సర్దుకోవచ్చు. ఆ సర్దుబాటును పరీక్షించి చూసే బాధ్యత కొనుగోలుదారుది కాదు.

ఇక మిగిలింది మొదటి జవాబు, ‘బిల్లులో రాశాం కదా’ అన్నది. గట్టి వాదన అదే. దానికి జవాబు బావగారి ఫోనులోనే దొరికింది. ముందు రోజు సాయంత్రం పాత టైరు ఫొటో తీసి వాట్సాప్‌లో షాపుకు పంపి ధర అడిగారు. ఆ ఫొటో ఉంటే చాలు, ఆయన ఏమి అడిగారో, వాళ్లు దేనికి ధర చెప్పారో తేలిపోతుంది. ఇలా సిద్ధమైన రెండో ఉత్తరం ఇది.

“యజమాని గారికి,

అయ్యా, ఈ నెల 4న మీ షాపులో నా కారు ముందు చక్రాలకు రెండు కొత్త టైర్లు వేయించుకున్నాను. టైర్లకు 10,800, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌కు 900, మొత్తం 11,700 రూపాయలు చెల్లించాను.

3వ తేదీ సాయంత్రం నా పాత టైరు ఫొటోను మీ నంబరుకు పంపి ధర అడిగాను. ఫొటోలో 185/65 R15 88H అని స్పష్టంగా ఉంది. ‘ఉన్నాయి సార్, ఒక్కోటి 5,400’ అని మీరు బదులిచ్చారు. నేను చెల్లించినది ఆ ధరే. మీరు బిగించినవి మాత్రం 175/65 R15 84T. కారు తలుపు స్టిక్కరు, పుస్తకం ప్రకారం ఈ కారుకు ఉండాల్సినవి 185/65 R15 88H. మీరు వేసిన టైర్ల సైజు, మోసే బరువు, వేగపు అక్షరం మూడూ అంతకన్నా తక్కువ. మార్పు గురించి బిగించే ముందు నాకెవరూ చెప్పలేదు.

4న మీటరు 41,260. తప్పు గమనించిన 8న 41,570. అప్పటి నుంచి ఊరు దాటి తీసుకెళ్లలేదు.

నేను కోరేది ఒక్కటే. ఈ రెండు టైర్లూ తీసుకుని, 185/65 R15 88H టైర్లు అదనపు ఖర్చు లేకుండా బిగించి, బ్యాలెన్సింగ్ చేసి, పూర్తి సైజు రాసిన బిల్లు ఇవ్వండి. అవి మీ దగ్గర లేకపోతే 11,700 రూపాయలు తిరిగి ఇవ్వండి. ఈ ఉత్తరం అందిన ఏడు రోజుల్లోగా జవాబు ఆశిస్తున్నాను.

జతచేసినవి: బిల్లు ప్రతి, వాట్సాప్ సంభాషణ, టైర్ల ఫొటోలు (తయారైన వారం, సంవత్సరం తెలిపే నాలుగంకెలతో సహా), తలుపు స్టిక్కరు ఫొటో.”

అలైన్‌మెంట్ మళ్లీ చేయమని ఇందులో అడగలేదు. కావాలనే వదిలేశాం. అలైన్‌మెంట్ అంటే సస్పెన్షన్ కోణాలు సరిచేయడం. టైరు మార్చినంత మాత్రాన అవి చెదరవు. బ్యాలెన్సింగ్ అలా కాదు, ప్రతి టైరుకూ విడిగా చేయాల్సిందే. అవసరం లేనిది అడిగితే అవతలివాడు దాని మీదే వాదన పెట్టి అసలు సంగతి దాటేస్తాడు. మీటరు అంకెలు రాయడం కూడా అందుకే. ‘వాడేసి తెచ్చారు’ అన్న మాటకు 310 కిలోమీటర్ల లెక్క ముందే జవాబు చెబుతుంది. తప్పు కనిపించాక కూడా నెలలు తిరిగి అడిగితే ఆ జవాబు బలహీనపడుతుంది.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు కింద అచ్చేసి ఉంది. దానికి భయపడక్కర్లేదు. లోపమున్న సరుకును లేదా సేవను వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. బిల్లులో గడువు రాయకపోతే ముప్పై రోజుల లోపు ఆ పని చేయాలి. షాపు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తర్వాత కొనుగోలుదారు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు. గడువు రెండేళ్లు.

అంతదాకా పోలేదు. ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లిన నాలుగో రోజు యజమాని స్వయంగా ఫోన్ చేశారు. ఆ రోజు 185 నిల్వ లేకపోతే కుర్రాడు ఉన్నదే వేసేశాడని ఒప్పుకున్నారు. కొత్తవాటికి ఒక్కోదానికి 600 ఎక్కువవుతుంది, ఆ తేడా ఇస్తారా అని అడిగారు. బావగారు వాట్సాప్‌లో చెప్పిన ధర గుర్తు చేశారు. ఒక్కోటి 5,400 అని చెప్పింది 185 ఫొటో చూసే. ఇక ఆయన తేడా ఊసెత్తలేదు.

టైర్లు మార్చిన రోజు బావగారు అవి రిమ్ము ఎక్కకముందే పక్కన కూర్చుని రెండిటి మీదా సైజు, 88H, తయారైన వారం చదివి చూసుకున్నారు. ఒకటి ఆ ఏడాది తయారైంది, రెండోది అంతకు రెండేళ్ల ముందుది. రెండోదాన్ని పక్కన పెట్టించి, లోపలి నుంచి ఇంకొకటి తెప్పించారు.