హల్దీ ఫొటోల్లో ఎంత పని?

మాఘ మాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే ఊరి ఫొటోగ్రాఫర్‌కు కెమెరా దించే తీరిక ఉండదు. తీసిన ఫొటోలకు రంగులు సరిదిద్దడం, రీల్స్ కట్ చేయడం వంటి పనులను ఫోనో మామూలు కంప్యూటరో ఉన్నవాళ్లకు అప్పగిస్తాడు. ధర ఈవెంట్‌కు ఇంత అని మాట్లాడుకుంటారు. ఆ ఒక్క మాట వెనక ఎంత పని ఉంటుందో హల్దీ ఫొటోలు చూస్తే అర్థమవుతుంది.

పసుపు తెరలు, బంతిపూలు, పసుపు బట్టలు, ఒంటినిండా పసుపు. ఫ్రేమంతా ఆ రంగే ఉండేసరికి కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్స్ చాలాసార్లు దాన్ని లైటు తాలూకు రంగనుకుని నీలం వైపు లాగుతుంది. తెల్ల పంచె నీలంగా, ముఖాలు పాలిపోయి కనిపిస్తాయి. అది చూసి కొత్తవాళ్లు Temp కంటికి నచ్చినంత పెంచేస్తారు. అప్పుడు పసుపు పూసిన బుగ్గ, పూయని మెడ ఒకే రంగులోకి పోతాయి.

ముందు తెలుపు పట్టుకోవాలి. లైట్‌రూమ్‌లో రంగు పట్టే డ్రాపర్‌ను పంచె మీద పెట్టాలి. అదీ తెరల నీడ పడని చోట, ఎందుకంటే తెర పక్కనున్న తెల్లబట్ట మీద కూడా పసుపు ఛాయ పడుతుంది. ఆ తర్వాత కూడా పసుపు కొట్టొచ్చినట్టుంటే మొత్తం రంగులు కాకుండా Yellow ఒక్కదాని Saturation తగ్గించాలి. పసుపు అంటని చెవి, మెడ సహజంగా కనిపిస్తే రంగు కుదిరినట్టే. ఫోన్‌లో కళ్లకోసం పెట్టుకునే రాత్రి మోడ్ ఆపేసి చూడాలి, లేకపోతే ఈ తనిఖీ అంతా వృథా.

కుదిరిన సెట్టింగ్స్‌ను కాపీ చేసి, అదే వెలుగులో తీసిన ఫొటోలకు మాత్రమే పెట్టాలి. షామియానా కిందివి ఒక గుంపు, ఎండలోవి ఇంకొకటి. ఎండకు పూర్తిగా తెల్లబారిన జేపెగ్ ఫొటోలో పోయిన వివరాలు ఏం చేసినా తిరిగి రావు. రా ఫైళ్లయితే కొంత వెసులుబాటు ఉంటుంది గానీ ఒక్కోటి పాతిక, ముప్పై ఎంబీల దాకా ఉండి ఫోన్ నిండిపోతుంది. అందుకే ఎంపిక చేసిన ఫొటోలే పంపమని ఫొటోగ్రాఫర్‌ను అడగడం మంచిది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 300 ఫొటోలకు ఒక్కోదానికి సగటున నిమిషం అనుకుంటే 5 గంటలు. అర నిమిషం రీల్‌కు క్లిప్పులు వెతికి, పాటకు కలపడానికి 3 గంటలు. కాపీ చేయడానికి, పంపడానికి ఒకటి, మార్పులకు ఒకటి. మొత్తం 10 గంటలు. గంటకు 200 కావాలనుకుంటే ఈవెంట్‌కు 2,000 రూపాయలు.

అయితే పొద్దున పెళ్లికూతుర్ని చేసి, మధ్యాహ్నం హల్దీ పెట్టి "ఒకే ఈవెంటే కదా, అన్నా" అంటే ఈ లెక్క తప్పుతుంది. ఇంట్లో ట్యూబ్‌లైటు, బయట ఎండ కాబట్టి రంగుల పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకని 300 ఫొటోలు, ఒక రీల్, ఒకసారి మార్పులు అని ముందే వాట్సాప్‌లో రాసి ఒప్పించుకోవాలి, దాటితే ఫొటోకు ఇంత అని కూడా అందులోనే చెప్పాలి.